ఖర్రా మానుతున్న మనిషి ఉన్న ఇల్లు: పోరు పెట్టకుండా తోడుండడం, తప్పటడుగు పడ్డ రోజు అనాల్సిన మాట

క్లుప్తంగా: పొగాకు మానే మనిషికి భార్యో భర్తో తోడుంటే మేలని అందరూ అంటారు. మంచి మాటలు పెంచడం కంటే దెప్పుళ్లు, నిఘా తగ్గించడమే ఇక్కడ ఎక్కువ అవసరం. అడగడానికి రోజుకు ఒక్క సమయం పెట్టుకోవడం, మొదటి రెండు వారాలు చిరాకును మనసుకు తీసుకోకపోవడం, మళ్లీ వేసుకున్న రోజున తిట్టకుండా, అలాగని “పోనీలే” అనకుండా, ఆ ఒక్క పొట్లం దగ్గరే ఆపడం ముఖ్యం. మహారాష్ట్రలోని చంద్రాపూర్, గడ్చిరోలి జిల్లాల తెలుగు ఇళ్లలో ఎక్కువగా కనిపించే, వక్క, పొగాకు, సున్నం కలిపి నమిలే ఖర్రా అలవాటును ఉదాహరణగా తీసుకుని ఈ వ్యాసం సాగుతుంది.

ఖర్రాతో ఉన్న చిక్కు

బల్లార్షా, రాజురా, సిరొంచ వైపు పాన్‌ఠేలా లేని సందు దొరకడం కష్టం. సుపారి పలుకులు, పొగాకు, సున్నం ఒక ప్లాస్టిక్ కాగితం మీద పోసి, మడిచి, గట్టిగా రుద్ది పుడీ కట్టి ఇస్తారు. మహారాష్ట్ర 2012లో గుట్కాను నిషేధించినా, అప్పటికప్పుడు చేతితో కలిపే ఖర్రా వాడకం ఆగలేదు. దాని కోసం దూరం పోనక్కర్లేదు, సైకిల్ ఆపితే చాలు.

సిగరెట్ మానేవాళ్ల కోసం రాసిన సలహాలు ఇక్కడ కొంతవరకే పనికొస్తాయి. దానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, ఖర్రాలో రెండు మత్తులున్నాయి: పొగాకులోని నికోటిన్ ఒకటి, వక్కలోని అరెకోలిన్ మరొకటి. వక్కకు కూడా అలవాటు పడతారు. అందుకే “పొగాకు వద్దు, ఉత్త సుపారి వేసుకో” అని ఇంట్లోవాళ్లు ప్రేమగా ఇచ్చే సలహా తప్పుతోవ పట్టిస్తుంది. పొగాకు కలవని వక్క కూడా క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. నోరు సరిగా తెరుచుకోకుండా చేసే సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అనే జబ్బుకు అసలు మూలం ఆ వక్కే.

రెండోది, ఖర్రాకు పొగ లేదు. ఇంటి బయట వేసుకుని, పుక్కిలించి, సోపు నమిలి వస్తే కనిపెట్టడం కష్టం. అంటే దాచడం సులువు. దాచడం సులువైన అలవాటు విషయంలో నిఘా పెడితే, నిఘా తప్పించుకునే నేర్పు పెరుగుతుంది తప్ప అలవాటు పోదు. ఈ వ్యాసంలో మిగతా విషయమంతా ఈ ఒక్క మాట మీదే నడుస్తుంది.

పదేపదే అడిగితే ఎందుకు బెడిసికొడుతుంది

అమెరికా మనస్తత్వవేత్తలు షెల్డన్ కోహెన్, ఎడ్వర్డ్ లిక్టెన్‌స్టీన్ 1990లో ఒక పరిశీలన ప్రచురించారు. సొంతంగా సిగరెట్లు మానే ప్రయత్నంలో ఉన్నవాళ్లను, ఇంట్లో భాగస్వామి ఏమేం చేస్తున్నారని అడిగారు. మెచ్చుకోవడం, చిరాకు పుట్టిన వేళ వేరే పనిలోకి మళ్లించడం లాంటివి ఒక పక్క, అలవాటును ఎత్తిపొడవడం, మానగలవన్న నమ్మకం లేదనడం లాంటివి మరో పక్క పెట్టి లెక్క చూశారు. మానినవాళ్ల ఇళ్లలో మంచివే ఉన్నాయని కాదు, చెడ్డవాటితో పోలిస్తే మంచివాటి పాలు ఎక్కువగా ఉందని తేలింది. ప్రతి ఇంట్లో రెండూ ఉంటాయి, లెక్కకు వచ్చేది వాటి నిష్పత్తి.

దీనికి మరో వైపు కూడా చెప్పాలి. భాగస్వాములకు శిక్షణ ఇచ్చి, పుస్తకాలు ఇచ్చి చేసిన ప్రయోగాలను కలిపి చూసిన కాక్రేన్ అనే వైద్య పరిశోధన సంస్థ సమీక్షల్లో, మానేవాళ్ల సంఖ్య స్పష్టంగా పెరిగినట్టు కనిపించలేదు. శిక్షణ ఇచ్చినా ఇంట్లో మాట తీరు పెద్దగా మారకపోవడం దానికి ఒక కారణంగా చెబుతారు. అలవాటైన పోరు ఒక కరపత్రంతో పోదు కదా. కాబట్టి భార్య తోడుంటే భర్త మానేస్తాడని హామీ ఇవ్వడం సరికాదు, మానకపోతే భార్య లోపమనడం అంతకంటే సరికాదు.

పోరు ఎలా పనిచేస్తుందో చూద్దాం. “ఇయ్యాల తిన్నవా?” అన్న ప్రశ్న అడిగేవాళ్లకు ఆరా, వినేవాళ్లకు అనుమానం. తినని రోజున ఆ ప్రశ్న వింటే, మొత్తం రోజంతా నోరు కట్టుకున్న శ్రమ ఎవరికీ కనబడలేదనిపిస్తుంది. తిన్న రోజున వింటే అబద్ధం తప్ప దారి ఉండదు. ఏ రోజైనా ఆ ప్రశ్న నుంచి మేలు పుట్టదు. పైగా ఎవరైనా తన నిర్ణయాన్ని తన చేతిలోంచి లాక్కుంటున్నారనిపిస్తే మనిషి సహజంగా ఎదురు తిరుగుతాడు. మానాలన్న కోరిక అతనిదే అయినా, అది ఆమె ఆజ్ఞలా మారిన క్షణం నుంచి పుడీ ఒక స్వేచ్ఛలా కనబడుతుంది.

పిల్లల మీద ఒట్టు పెట్టించుకోవడం ఈ పోరులోకెల్లా బరువైనది. “బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పు” అన్నాక ఒక పుడీ తింటే అది అలవాటు తిరగబెట్టడం కాదు, బిడ్డకు కీడు తలపెట్టిన పాపం అవుతుంది. ఆ పాపాన్ని ఒప్పుకునే ధైర్యం ఎవరికీ ఉండదు. ఒట్టు మాన్పించదు, నోరు మూయిస్తుంది. పిల్లల్ని కాపలా పెట్టి “నాయిన జేబు చూడు” అనడం కూడా ఇదే కోవలోది.

మాల వేసుకున్నప్పుడు మానగలిగినవాళ్లు

అయ్యప్ప దీక్ష తీసుకుని 41 రోజులు పొగాకు ముట్టనివాళ్లు, మాల తీసిన వారంలోనే ఠేలా దగ్గర కనబడడం ఈ ప్రాంతంలో అందరూ ఎరిగిందే. దీన్ని నవ్వుకు వదిలేయకుండా కాస్త ఆగి చూస్తే చాలా తెలుస్తుంది. నికోటిన్ ఆగాక శరీరం పడే ఇబ్బంది మొదటి రెండు మూడు రోజుల్లో తీవ్రంగా ఉండి, రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు సద్దుమణుగుతుంది. అంటే మాల తీసేనాటికి శరీరం పడే ఇబ్బంది దాదాపు ముగిసింది. అయినా తిరిగి మొదలవుతోంది.

దీక్షలో ఏముంది, తర్వాత ఏం పోయింది? దీక్షలో ఉన్న మనిషికి ఎవరూ పుడీ చాపరు, “స్వామీ” అని తప్పుకుంటారు. అతను పొద్దున్నే లేచే వేళ, తిండి, కూర్చునే చోటు, కలిసే మనుషులు అన్నీ మారిపోతాయి. ఇంట్లోనూ “తిన్నవా, తినలేదా” అని ఎవరూ అడగరు, నమ్మేస్తారు. మాల తీయగానే ఇవన్నీ ఒకేసారి వెనక్కి వెళ్లిపోతాయి. ఇంట్లోవాళ్లకు ఇందులో ఉన్న సంగతి ఇది: మనిషి మనసును మార్చడానికి పడే తిప్పలు తగ్గించి, అతని చుట్టూ ఉన్న వేళల్ని, చేతికి అందే వస్తువుల్ని మార్చే పనిలో సాయం చేయొచ్చు.

మొదటి వారం

ఖర్రా వేసుకునే మనిషికి రోజులో మొదటి పుడీ ఎప్పుడో ముందుగా తెలుసుకోవాలి. నికోటిన్ రక్తంలో సగానికి తగ్గడానికి దాదాపు రెండు గంటలు పడుతుంది, కాబట్టి రాత్రి నిద్రలో అది చాలావరకు పోతుంది. లేచిన అరగంటలోపే పుడీ కావాల్సినవాళ్లకు అలవాటు బాగా ముదిరిందని లెక్క. వాళ్లకు ఉత్త పట్టుదలతో మానడం కష్టం, మందు సాయం అడగడమే తెలివి.

ఆ పొద్దుటి పుడీ సాధారణంగా చాయ్‌తో ముడిపడి ఉంటుంది. చాయ్ తాగాక నోరు అటే లాగుతుంది. మొదటి పది రోజులు చాయ్‌ని స్నానం తర్వాతకు, తిండితో పాటు ఇచ్చేటట్టు మార్చితే ఆ ముడి కొంత సడలుతుంది. ఇది భార్య ఒక్క మాట కూడా అనకుండా చేయగల పని.

నోటికి ఏదో ఒకటి కావాలనిపించడం రెండో సంగతి. ఖర్రా బుగ్గన పెట్టుకుని గంటల తరబడి ఉంచుకునేది కాబట్టి ఖాళీ బుగ్గ వెలితిగా ఉంటుంది. వేయించిన సోపు, ఎండు ఉసిరి ముక్కలు, పుట్నాలు, లవంగం పనికొస్తాయి. పుడీ ఉండే జేబులోనే అదే సైజు పొట్లంగా కట్టి పెడితే, చెయ్యి తనంతట తాను అటు పోయినప్పుడు అది దొరుకుతుంది. షుగర్ ఉన్నవాళ్లకు తీపి సోపు, చాక్లెట్లు వద్దు. నోరు మంట పుడుతుంటే లవంగం కూడా వద్దు, చల్లని నీళ్లు పుక్కిలించడం మేలు.

నాలుక లాగే ఆ కోరిక ఒక్కోసారి కొద్ది నిమిషాలే ఉంటుంది, సాధారణంగా ఐదు నుంచి పది. ఆ సమయం గడిపేస్తే అది దానంతట అదే దిగిపోతుంది. “జర బిందె ఎత్తి పెట్టు”, “పాప స్కూల్ బూట్లు చూడు” లాంటి చిన్న పని చెప్పడం ఆ పది నిమిషాలకు సరిపోతుంది. కోరిక గురించి మాట్లాడడం కంటే ఇదే మెరుగు.

మెడికల్ షాపులో దొరికే నికోటిన్ గమ్ గురించి ఒక హెచ్చరిక. ఖర్రా అలవాటున్నవాళ్లు దీన్ని కూడా అలాగే గబగబా నమిలి మింగుతారు. ఎక్కిళ్లు, వికారం, కడుపులో మంట వచ్చి “ఇది పడలేదు” అని పారేస్తారు. 2 మిల్లీగ్రాముల గమ్‌ను ఘాటు తగిలేదాకా నెమ్మదిగా నమిలి, ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య ఉంచాలి. ఘాటు తగ్గాక మళ్లీ నాలుగు సార్లు నమిలి, చోటు మార్చి ఉంచాలి. ఇలా ఒక గమ్ అరగంట నడుస్తుంది. దానికి ముందు పావుగంట, నోట్లో ఉన్నంతసేపు చాయ్, నిమ్మరసం తాగకూడదు, పుల్లని లాలాజలంలో నికోటిన్ సరిగా ఒంటికి పట్టదు. మొదటి వారాల్లో గంటకో రెండు గంటలకో ఒకటి చొప్పున వాడడం మామూలు పద్ధతి. గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ను అడిగాకే మొదలుపెట్టాలి. గమ్ డబ్బా ఎన్ని ఖాళీ అయ్యాయో ఇంట్లో లెక్కపెట్టడం కూడా మరో రకం పోరేనని గుర్తుంచుకుంటే చాలు.

ఇక చిరాకు. రెండో రోజు నుంచి అన్నంలో ఉప్పు తక్కువైనా కంచం నెట్టేస్తారు, నిద్ర పట్టదు, మలబద్ధకం వస్తుంది, ఆకలి పెరుగుతుంది. ఇది నికోటిన్ కరువు వల్ల వచ్చే కోపం, ఇంటి మనిషి మీద కాదు. మొదటి వారంలో అప్పులు, అత్తగారి ఊరు ప్రయాణం, పిల్లల ఫీజు లాంటి పంచాయితీలు వాయిదా వేయడం మంచిది. అలాగని చెయ్యి చేసుకుంటే ఓర్చుకోమని కాదు. చిరాకుకు హద్దుంది, ఆ హద్దు దాటితే అది మానడం వల్ల వచ్చిన కష్టం కాదు.

రాత్రి ఒక్క ప్రశ్న

మానే రోజుకు ముందే కూర్చుని ఒక ఒప్పందం చేసుకోవడం పోరును తగ్గించే సులువైన దారి. అందులో మూడే సంగతులు. ఎప్పుడు అడగొచ్చు, ఏమని అడగొచ్చు, తిన్న రోజు ఏం చేస్తాం. ఎక్కువ ఇళ్లకు నప్పే సమయం రాత్రి తిన్నాక ఐదు నిమిషాలు. ఆ వేళ తప్ప రోజులో మరెప్పుడూ ఖర్రా ఊసు ఎత్తకూడదు. ప్రశ్న కూడా “తిన్నవా?” కాకుండా “ఇయ్యాల ఎప్పుడు బాగా గుంజింది?” అని ఉండాలి. మొదటిదానికి అవును, కాదు మాత్రమే జవాబు. రెండోదానికి పనికొచ్చే సమాచారం వస్తుంది: పొద్దున చాయ్ తర్వాతనా, డ్యూటీ దిగేటప్పుడా, ఫలానా దోస్తు కలిసినప్పుడా.

గోడ క్యాలెండర్ మీద రోజుకో గీత పెట్టడం కొందరికి బాగుంటుంది. ఆ గీత మానేవాళ్లే పెట్టాలి. ఆమె పెడితే అది హాజరు పట్టీ అవుతుంది. పుడీ డబ్బు డబ్బాలో వేయడం కూడా అంతే. రోజుకు ఆరు పుడీలు, ఒక్కోటి 20 రూపాయలు అనుకుంటే నెలకు 3,600. ఆ లెక్క అతను చెప్పుకుంటే గర్వం, ఆమె చెబితే దెప్పుడు.

మెచ్చుకోవడంలోనూ కాస్త జాగ్రత్త కావాలి. ఊళ్లోవాళ్ల ముందు, అత్తమామల ముందు “మా ఆయన మానేసిండు” అని చాటితే, తప్పటడుగు పడ్డ రోజు పరువు కూడా పోతుంది. ఇద్దరి మధ్య “పదో దినం ఐంది, నాకు తెలుసు ఎంత కష్టమో” అన్నది చాలు.

తప్పటడుగు పడ్డ రోజు

ఒక ఇల్లు ఊహించుకుందాం. భర్త బొగ్గు గనిలో రెండో షిఫ్టు, సాయంత్రం 4 నుంచి రాత్రి 12. రోజుకు ఆరు పుడీలు తినేవాడు. సోమవారం మానాడు. ఎనిమిది రోజులు బాగా గడిచాయి. తొమ్మిదో రోజు, మంగళవారం రాత్రి, గేటు బయట తోటివాడు పుడీ విప్పి చాపాడు. సగం వేసుకున్నాడు, మిగతా సగం ప్లాస్టిక్‌లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. పొద్దున చొక్కా ఉతకబోతే ఆమె చేతికి అది దొరికింది.

ఇక్కడ అతని తలలో జరుగుతున్నది ముందు చూడాలి. “ఎనిమిది రోజులు కష్టపడ్డా, ఇప్పుడు పాడైంది. ఎట్లయినా పాడైంది కదా, ఇంకొకటి తింటే ఏం?” మనస్తత్వవేత్త అలన్ మార్లాట్ 1980లలో ఈ ఆలోచనకు ఒక పేరే పెట్టాడు, తెలుగులో నియమభంగ ప్రభావం అనుకోవచ్చు. ఒక్క పుడీలోని నికోటిన్ కంటే, ఆ పుడీ తన గురించి తనకు చెప్పే కథే మనిషిని వెనక్కి లాగుతుందని దాని సారాంశం. “నేను ఇంతే, నా వల్ల కాదు” అన్నదే ఆ కథ. ఇంట్లో పలికే మొదటి వాక్యం ఆ కథకు వంత పాడుతుంది, లేదా అడ్డుపడుతుంది.

వంత పాడే వాక్యాలు చాలా మామూలువి. “నాకు తెలుసు, నీ వల్ల కాదని.” “ఎనిమిది దినాల నాటకం ఐపాయె.” “మా అన్నకు చెప్తా ఆగు.” వీటిలో ప్రతిదీ అతను తనలో తాను అనుకుంటున్నదాన్నే పైకి అంటుంది. మధ్యాహ్నానికి అతను ఠేలా దగ్గర ఉంటే ఆశ్చర్యపడనక్కర్లేదు.

దీనికి విరుగుడని కొందరు రెండో చివరకు వెళ్తారు. “ఒక్కటేగా, ఏం కాదు తీయి.” ఇది దయగా వినిపించినా, రోజుకొక్కటి తినొచ్చని అనుమతి ఇచ్చినట్టు అవుతుంది. మొదటి రెండు వారాల్లో పడ్డ తప్పటడుగు పూర్తిగా తిరగబెట్టడానికి చాలాసార్లు ముందు సూచన. తేలిగ్గా తీసుకోవాల్సింది కాదు.

రెండింటికీ మధ్య నడిచే మాట ఇలా ఉంటుంది. అతను లేచి ముఖం కడుక్కున్నాక, పిల్లలు లేనప్పుడు, ఆ ప్లాస్టిక్ చూపించకుండా, గొంతు మామూలుగా ఉంచి:

“ఏమయ్యా, నీ అంగీల పుడీ దొరికింది. నేను లొల్లి పెడతలేను. ఎనిమిది దినాలు నువ్వు ఉన్నది నిజమే, అది యాడికి పోలే. మిగిలిన సగం పారేద్దామా?”

ఈ నాలుగు ముక్కల్లో ఒక్కోటి ఒక్కో పని చేస్తుంది. దొరికిందని నేరుగా చెప్పడం వల్ల అబద్ధం ఆడే అవసరం పోతుంది. “తిన్నవా?” అని అడిగి అతను లేదన్నాక బయటపెట్టడం వల లాంటిది, నమ్మకాన్ని పాడు చేస్తుంది. లొల్లి లేదన్న మాట అతను కాచుకున్న గోడను దించుతుంది. ఎనిమిది రోజులు పోలేదనడం “పాడైంది” అన్న కథకు ఎదురు సాక్ష్యం. చివరిది పని, అది ఇప్పుడే జరగాలి, ప్రశ్నగానే అడగాలి. పారేసేది అతనే అయితే మరీ మంచిది.

అంతే, అక్కడ ఆగాలి. ఎవరు ఇచ్చారు, ఎందుకు తిన్నావు అన్న విచారణ అప్పుడు కాదు. ఆ ప్రశ్నలు అవసరమే కానీ, సిగ్గులో ఉన్నప్పుడు అడిగితే సాకులు వస్తాయి, రాత్రి ఆ ఐదు నిమిషాల్లో అడిగితే వివరాలు వస్తాయి. ఆ రాత్రి అతను డ్యూటీ నుంచి వచ్చేసరికి ఒంటిగంట కావొచ్చు, అయితే మర్నాడు పొద్దున తిన్నాక. “ఆ రాత్రి సంగతి మాట్లాడుదామా, వద్దంటే వద్దు” అని అనుమతి అడిగి మొదలుపెడితే మాట సాగుతుంది.

ఆ మాటలో తేలాల్సినవి గేటు, దోస్తు, ఆకలి. అతను రాత్రి ఎనిమిదికి డబ్బా తిన్నాడు, పన్నెండుకు కడుపు ఖాళీ. గేటు బయటే ఠేలా. చాపింది రోజూ ఇచ్చి పుచ్చుకునే మనిషి, వద్దంటే మొహమాటం. అప్పుడు మార్పులు వాటంతటవే కనబడతాయి. డబ్బాతో పాటు పుట్నాల పొట్లం, షిఫ్టు దిగడానికి పావుగంట ముందు నోట్లో గమ్, కొన్నాళ్లు వేరే గేటు నుంచి రావడం. దోస్తుకు చెప్పే మాట ముందే నోటికి వచ్చేటట్టు ఉండాలి: “దవడ పట్టేస్తుంది భాయ్, డాక్టర్ వద్దన్నడు.” మానేశానంటే ఆటపట్టిస్తారు, డాక్టర్ వద్దన్నాడంటే వదిలేస్తారు. ఇది అబద్ధమై ఉండకూడదనుకుంటే ఒకసారి డాక్టర్‌కు చూపించుకుంటే సరిపోతుంది, అది ఎలాగూ కావాల్సిందే.

గమ్ వాడుతుంటే ఒక్క పుడీ తిన్నందుకు గమ్ ఆపకూడదు. చాలామంది “ఎట్లాగూ తిన్న కదా” అని రెండూ వదిలేస్తారు. ఆ మర్నాడే గమ్ ఎక్కువ అవసరం.

అన్నింటికంటే జాగ్రత్తగా చూడాల్సింది “మళ్లీ ఎప్పుడు మొదలు” అన్న మాట. “ఇగ బతుకమ్మ పండుగ అయినంక చూద్దాం”, “అమావాస్య పోనీ”, “సోమవారం నుంచి” అన్న జవాబులు సహజంగా వస్తాయి. తప్పటడుగుకూ పూర్తిగా తిరగబెట్టడానికీ మధ్య ఉన్న దూరం ఈ ఖాళీ రోజులే. సోమవారం వచ్చేలోపు రోజుకు ఆరు పుడీలు తిరిగి వస్తాయి. మళ్లీ మొదలు అనకుండా, ఆగలేదు అన్నట్టు నడవడం మెరుగు. క్యాలెండర్ మీద మంగళవారం ఖాళీగా వదిలి, బుధవారం గీత పెట్టుకుని తొమ్మిది అని రాసుకోవచ్చు. ఒకటి నుంచి మళ్లీ లెక్కపెట్టమని ఇంట్లోవాళ్లు పట్టుబట్టడంలో లాభం లేదు.

రెండోసారి, మూడోసారి

నెలలో ఒకటి రెండు తప్పటడుగులు వేరు, వారంలో మూడు వేరు. వరుసగా మూడు రోజులు తిన్నా, పుడీ కొని దాచుకున్నా, అది తప్పటడుగు కాదు, పద్ధతి సరిపోలేదని అర్థం. చాపితే తినడం ఒకటి, వెతుక్కుంటూ వెళ్లి కొనడం మరొకటి. రెండోది కనబడితే ఇంట్లో మాటలతో నెట్టుకురావడం ఆపి బయటి సాయం తీసుకోవాలి. “నువ్వు సరిగ లేవు” అనకుండా “మందు సరిపోతలేనట్టుంది, డాక్టర్‌ను అడుగుదామా” అంటే నింద మనిషి మీద నుంచి పద్ధతి మీదకు మారుతుంది. నికోటిన్ కోరికను తగ్గించే మాత్రలు డాక్టర్ చీటీ మీద దొరుకుతాయి. మానేవాళ్లకు సాయం చేసే, పొగాకు ప్యాకెట్ల మీద అచ్చేసే జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356కు ఫోన్ ఉచితం. ఆ ఫోన్ చేయాల్సింది మానేవాళ్లే. భార్య చేసి చేతికివ్వడం కొందరికి నచ్చదు. నంబరు గోడ మీద రాసి ఉంచడంతో ఆమె పని అయిపోయింది.

మద్యం కూడా మానుతున్న ఇల్లయితే విషయం వేరు. గడ్చిరోలిలో 1993 నుంచి మద్యనిషేధం ఉన్నా తాగేవాళ్లు లేరని కాదు. రోజూ ఎక్కువగా తాగే మనిషి హఠాత్తుగా ఆపితే చేతులు వణకడం, లేనివి కనబడడం, ఫిట్స్ రావడం జరగొచ్చు, ఇది ప్రాణాపాయం. ఆ పని డాక్టర్ పర్యవేక్షణలోనే చేయాలి. ఖర్రా ఆపితే ప్రాణానికి అలాంటి ముప్పు లేదు. అయితే తాగిన రాత్రి ఖర్రా తప్పటడుగు పడడం చాలా మామూలు కాబట్టి మొదటి నెల అలాంటి కూడికలకు దూరంగా ఉండడం మంచిది.

మానుతున్నది భార్య అయితే

మహారాష్ట్ర వైపు ఆడవాళ్లలో పొద్దున్నే పళ్లకు రాసుకునే మిశ్రీ అలవాటు ఉంది. పొగాకును కాల్చి పొడి చేసిందే మిశ్రీ. దాన్ని చాలామంది పళ్లపొడి అనుకుంటారు తప్ప పొగాకు వ్యసనం అనుకోరు. అందుకే మానడం కూడా ఎవరికీ కనబడని పని అవుతుంది. ఆమె చిరాకు పడితే కారణం ఎవరికీ తట్టదు. భర్త ఇక్కడ చేయాల్సింది రెండు పనులు. పొద్దున ఆమె మిశ్రీతో కూర్చునే ఆ పావుగంట పనిని పంచుకోవడం, అంటే నీళ్లు పట్టడమో పిల్లల్ని లేపడమో. ఇక తన ఖర్రా ఆమె కళ్ల ముందు తినకపోవడం. ఇద్దరూ తినే ఇంట్లో ఒక్కరే మానడం బాగా కష్టం. ఇద్దరూ ఒకేసారి మానకపోయినా, రెండో మనిషి పుడీ ఇంటి గడప దాటి లోపలికి రాకుండా చూడడం వరకు ఒప్పుకోవచ్చు.

ఇద్దరిలో ఎవరు మానుతున్నా నోరు ఒకసారి చూపించుకోవడం వాయిదా వేయకూడదు. తమ మూడు వేళ్లు నిలువుగా పేర్చి నోట్లో పెట్టుకుంటే పట్టకపోవడం, కారం తగిలితే భగ్గుమనడం, రెండు వారాలైనా మానని పుండు, చెంప లోపల తెల్లని లేదా ఎర్రని మచ్చ ఉంటే పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఇది బెదిరింపుగా కాకుండా, రాత్రి ఐదు నిమిషాల్లో ఒకసారి అద్దం ముందు ఇద్దరూ కలిసి చూసుకునే పనిగా పెట్టుకుంటే “చూడు, నీ నోరు ఎట్లయిందో” అనే దెప్పుడుకు చోటుండదు.